ప్రకటనలో అడిగినవి కవర్ లెటర్‌లో కనిపించాలి, వాక్యాలు మాత్రం కాపీ కాకూడదు: ఎలా రాయాలి?

గుంటూరు_స్వాతి

అందరికీ నమస్కారం. గుంటూరులో ఒక మందుల డిస్ట్రిబ్యూటర్ దగ్గర నాలుగేళ్లుగా అకౌంట్స్ చూస్తున్నాను. హైదరాబాద్‌లో ప్యాకేజింగ్ మెటీరియల్ తయారుచేసే కంపెనీ ఒకటి పేయబుల్స్ విభాగంలో అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ కావాలని ప్రకటన ఇచ్చింది. రెజ్యూమేతో పాటు కవర్ లెటర్ కూడా పంపమన్నారు. ప్రకటన ఇంగ్లీషులో ఉంది, నేను పంపే లెటర్ కూడా ఇంగ్లీషులోనే. ఇక్కడ మాట్లాడుకోవడానికి వీలుగా తెలుగులో పెడుతున్నాను. వాళ్లు అడిగినవి ఇవీ:

- వెండర్ బిల్లుల ప్రాసెసింగ్. పర్చేజ్ ఆర్డర్, జీఆర్ఎన్, ఇన్‌వాయిస్‌ల త్రీ-వే మ్యాచింగ్‌లో అనుభవం
- ప్రతి నెలా జీఎస్టీఆర్-2బీ రికన్సిలియేషన్, తేడాలపై సప్లయర్లతో ఫాలోఅప్
- నెలాఖరు క్లోజింగ్‌లో సహకారం
- టాలీ ప్రైమ్, ఎక్సెల్ బాగా వచ్చి ఉండాలి. ఎస్ఏపీ తెలిసినవారికి ప్రాధాన్యం
- గడువుల ఒత్తిడిలో పనిచేయగలగాలి, కమ్యూనికేషన్ బాగుండాలి, స్వయం ప్రేరణ ఉండాలి
- మూడు నుంచి ఐదేళ్ల అనుభవం

నేను రాసిన పేరా: “వెండర్ బిల్లుల ప్రాసెసింగ్‌లోనూ, పర్చేజ్ ఆర్డర్, జీఆర్ఎన్, ఇన్‌వాయిస్‌ల త్రీ-వే మ్యాచింగ్‌లోనూ నాకు అనుభవం ఉంది. ప్రతి నెలా జీఎస్టీఆర్-2బీ రికన్సిలియేషన్, తేడాలపై సప్లయర్లతో ఫాలోఅప్ చేస్తాను. నెలాఖరు క్లోజింగ్ చూస్తాను. టాలీ ప్రైమ్, ఎక్సెల్ బాగా వచ్చు. గడువుల ఒత్తిడిలో పనిచేయగలను, స్వయం ప్రేరణ ఉంది.”

మా ఫ్రెండ్ చదివి “ఇది ప్రకటనే కదా, చివర ‘ఉంది’, ‘చేస్తాను’ అని తగిలించావంతే” అంది. మాటలు మారిస్తే వాళ్లు వెతికేవి కనిపించవేమోనని భయం, మార్చకపోతే కాపీ. మధ్యలో ఎక్కడ ఆగాలి?

హైటెక్_కిరణ్

స్వాతి గారూ, అస్సలు మార్చకండి. ఇప్పుడు అప్లికేషన్లు ముందు సాఫ్ట్‌వేర్ చదువుతుంది, తర్వాతే మనుషులు. ప్రకటనలో ఉన్న మాటలు ఎన్ని ఎక్కువ కలిస్తే అంత పైకి వస్తారు. మా రూమ్మేట్ అయితే ప్రకటన మొత్తాన్ని లెటర్ కింద తెల్ల అక్షరాల్లో పేస్ట్ చేసేవాడు. మనిషికి కనిపించదు, మెషీన్‌కి కనిపిస్తుంది.

సత్యం_మాస్టారు

ప్రకటన వాక్యాలు వాడుకుంటే కాపీరైట్ కేసు లాంటిది ఏమైనా పెడతారా? మా అమ్మాయి కూడా అప్లై చేస్తోంది, అందుకే అడుగుతున్నా.

ఉషశ్రీ_కె

మాస్టారూ, కేసు గొడవ కాదండీ ఇక్కడ. లెటర్ చదివినవాళ్లకు అభ్యర్థి గురించి కొత్తగా ఏమీ తెలియదు, పక్కన పెట్టేస్తారు. అదొక్కటే నష్టం.

కిరణ్, ఆ తెల్ల అక్షరాల ట్రిక్ దయచేసి ఎవరికీ చెప్పకండి. నేను ఒక ప్లేస్‌మెంట్ కన్సల్టెన్సీలో పనిచేస్తాను. సాఫ్ట్‌వేర్ ఫైల్‌లోంచి అక్షరాలను బయటికి తీసినప్పుడు రంగు పోతుంది, మామూలు అక్షరాలు మిగులుతాయి. అంటే దాచిపెట్టినదంతా నా స్క్రీన్ మీద నల్లగా వచ్చి కూర్చుంటుంది. ప్రకటన రాసింది మేమే, గుర్తుపట్టలేమా?

ఇంకో సంగతి. మా దగ్గర వెతుకులాట ఎక్కువగా రెజ్యూమే మీదే జరుగుతుంది. కవర్ లెటర్ తెరిచేది ఒక మనిషి, అదీ కొద్దిమందిని పక్కకు తీసుకున్నాక.

లెడ్జర్_మామయ్య

స్వాతీ, నేను ఇరవై ఏళ్లకు పైగా ఫ్యాక్టరీ అకౌంట్స్‌లో ఉన్నాను. పేయబుల్స్ సీటుకు మనుషుల్ని తీసుకునేటప్పుడు ఇలాంటి లెటర్లు చాలా చదివాను.

ముందు ప్రకటనను మళ్లీ చదువు. ఆరు లైన్లూ ఒకటే బరువు కాదు. మొదటి రెండు లైన్లలో కాగితాల పేర్లున్నాయి, పని పేరుంది. ఆ సీటులో కూర్చున్న మనిషి రోజూ చేసేది అదే. రెండో లైన్ చివర “సప్లయర్లతో ఫాలోఅప్” అని ప్రత్యేకంగా రాశారంటే సప్లయర్లు రిటర్న్ సరిగా వేయక, అక్కడ వాళ్లకు కొనుగోళ్ల మీద కట్టిన జీఎస్టీ తిరిగి సర్దుకునే ఇన్‌పుట్ క్రెడిట్ ఇరుక్కుంటోందని నా అనుమానం. ఐదో లైన్ మాత్రం అన్ని ప్రకటనల్లోనూ ఉండేదే, పాత ప్రకటన తెరిచి దించుతారు. నువ్వు అన్నిటికీ సమానంగా తలా ఒక వాక్యం ఇచ్చావు. కాపీలా కనిపించడానికి సగం కారణం ఆ వరస. వాళ్ల మాటలే కాదు, వాళ్ల క్రమం కూడా దిగిపోయింది.

ఇక మాటల సంగతి. వస్తువుల పేర్లు, పనుల పేర్లు ముట్టుకోకు. టాలీ ప్రైమ్, త్రీ-వే మ్యాచింగ్, జీఎస్టీఆర్-2బీ రికన్సిలియేషన్ వాళ్ల సొంత మాటలు కావు, ఈ వృత్తిలో అందరి మాటలు. చదివేవాడి కన్ను వాటి కోసమే వెతుకుతుంది. కిరణ్ చెప్పినదాంట్లో ఇంతవరకు నిజం ఉంది. పేరు చుట్టూ ఉన్న వాక్యం మాత్రం నీది కావాలి. ఆ పని ఎన్ని బిల్లుల మీద చేశావు, ఎప్పుడు చేస్తావు, తేడా వస్తే ఏం చేస్తావు అన్నది వాళ్ల ప్రకటనలో లేదు, ఉండదు కూడా. అది రాస్తే కాపీ కొట్టాలన్నా కుదరదు.

ఒక పని చెయ్యి. ప్రకటన మూసేసి, మీ షాపులో ఒక బిల్లు వచ్చిన దగ్గర్నుంచి డబ్బు కట్టేదాకా ఏం జరుగుతుందో మామూలు తెలుగులో ఇక్కడ రాయి. ఇంగ్లీషులో మొదలుపెడితే ప్రకటన వాక్యాలే చేతికొస్తాయి.

నర్సిరెడ్డి_ఎల్బీనగర్

సార్, మా వాడు బీకామ్ అయ్యి అమీర్‌పేటలో టాలీ కోర్సు చేసిండు. అనుభవం లేదు. గా త్రీ-వే మ్యాచింగ్ కోర్సుల నేర్పిన్రు అంటడు. అనుభవం ఉందని రాయొచ్చా?

ఉషశ్రీ_కె

రెడ్డి గారూ, “అనుభవం” అని వద్దు. కోర్సులో ప్రాక్టీస్ డేటా మీద చేశానని అలాగే రాయమనండి. ఆ పేరు లెటర్‌లో ఉంటుంది, అబద్ధమూ ఉండదు. ఫోన్లో మొదటి ప్రశ్నే “ఏ కంపెనీలో చేశారు?” అని వస్తుంది కదా. అయినా మూడేళ్లు అడిగిన పోస్టులకు కాకుండా ఫ్రెషర్లకు ఇచ్చే ప్రకటనలకు పంపించండి.

గుంటూరు_స్వాతి

మామయ్య గారూ, మీరు చెప్పింది ఇప్పుడే చూశాను. ఈలోపు కాపీ అనిపించకూడదని నిన్న రాత్రి ఇంకో వెర్షన్ రాశాను. సిగ్గు లేకుండా పెడుతున్నాను, తిట్టండి:

“సరఫరాదారుల పత్రాలను మూడు వైపుల నుంచి పరిశీలించి ఆమోదించడం, పన్ను పోర్టల్ నివేదికలను సంస్థ పుస్తకాలతో సమన్వయపరచడం, నెలవారీ ఆర్థిక ముగింపును నిర్వహించడం నా ప్రధాన బాధ్యతలు.”

ఇంగ్లీషులో ఇంకా భారీగా ఉంది.

హైటెక్_కిరణ్

ఇది చూస్తే మీరు జీఎస్టీ పని చేశారని నాకే అర్థం కాలేదు 😀

లెడ్జర్_మామయ్య

తిట్టను కానీ, మొదటిదే నయం. అందులో కనీసం 2బీ అన్న మాట ఉంది. ఇందులో పేర్లు మార్చావు, వాక్యం ఆకారం మాత్రం ప్రకటనదే. సరిగ్గా తిరగేసి చెయ్యాలి. “పన్ను పోర్టల్ నివేదికలు” అంటే జీఎస్టీఆర్-1 కావచ్చు, 26ఏఎస్ కావచ్చు. చదివేవాడు ఊహించుకుంటూ కూర్చోడు.

ఇంకొకటి గమనించు. ప్రకటనలో “క్లోజింగ్‌లో సహకారం” అని ఉంటే మొదటి వెర్షన్‌లో “చూస్తాను” అన్నావు, ఇప్పుడు “నిర్వహించడం” అన్నావు. మాట మార్చేటప్పుడు పని కూడా పెద్దదైపోతోంది. క్లోజింగ్ నువ్వు నిర్వహిస్తే ప్రొవిజన్లు, డిప్రిసియేషన్, స్టాక్ వాల్యుయేషన్ ఎవరు చేస్తారని అడుగుతాను. జవాబుందా?

గుంటూరు_స్వాతి

లేదండీ, అవన్నీ ఆడిటర్ గారి ఆఫీసులో చేస్తారు. నేను సప్లయర్లకు కట్టాల్సిన బాకీల లిస్టు, సరుకు వచ్చి బిల్లు రానివాటి లిస్టు ఇస్తాను.

మీరు చెప్పినట్టు ప్రకటన మూసేసి రాస్తున్నాను.

మాకు అరవై మంది దాకా సప్లయర్లు. నెలకు 350 వరకు కొనుగోలు బిల్లులు వస్తాయి. ఆర్డర్ సప్లయర్ల సేల్స్ వాళ్లతో ఫోన్లో చెప్పినా, ఒక ఎక్సెల్ ఆర్డర్ షీటులో రేటు, స్కీము రాసుకుంటాం. స్కీము అంటే పదికి ఒకటి ఫ్రీ లాంటివి. సరుకు దిగాక గోడౌన్‌లో బాక్సులు తెరిచి బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ, ఎన్ని వచ్చాయో బిల్లు కాపీ మీద టిక్ పెట్టి సంతకం చేస్తారు. ఆ కాపీ, ఆర్డర్ షీటు, అసలు బిల్లు పక్కపక్కన పెట్టుకుని చూసి అప్పుడు టాలీలో ఎక్కిస్తాను. రేటు ఎక్కువ వేసినా, ఫ్రీ ఇవ్వకపోయినా, సరుకు తక్కువొచ్చినా డెబిట్ నోట్ వేస్తాను. తేలేదాకా అంత మొత్తం పేమెంట్‌లో ఆపుతాను.

సరుకు అందినట్టు రాసుకునే జీఆర్ఎన్ అని మా దగ్గర ఏ కాగితమూ లేదు. పర్చేజ్ ఆర్డర్ కూడా ఫారం మీద ఉండదు. కాబట్టి త్రీ-వే మ్యాచింగ్ అని రాసే హక్కు నాకు ఉందా అని డౌటు.

సప్లయర్లు వేసిన రిటర్న్‌ల నుంచి పోర్టల్ తయారుచేసే 2బీ అయితే 14న వస్తుంది. మా పర్చేజ్ రిజిస్టర్‌తో ఎక్సెల్‌లో పోలుస్తాను. ప్రతి నెలా పదిహేను, ఇరవై బిల్లులు కనిపించవు. కొందరు జీఎస్టీఆర్-1 ఆలస్యంగా వేస్తారు, కొందరు మా జీఎస్టీ నంబరు తప్పు కొడతారు. రోజంతా ఫోన్లే. 20లోపు మా నెల రిటర్న్ 3బీ వెయ్యాలి కాబట్టి ఆ ఐదారు రోజులు టెన్షన్‌గా ఉంటుంది. 3బీ వేసేది ఆడిటర్ గారే, లెక్క ఇచ్చేది నేను.

లెడ్జర్_మామయ్య

ఇదిగో, నీ లెటర్ ఇదే. పై రెండు వెర్షన్లలో లేని మనిషి ఇందులో కనిపిస్తోంది.

త్రీ-వే మ్యాచింగ్ గురించి. మూడు కాగితాల్లో వెతికేది ఏమిటి? మనం అడిగిన రేటు, మన చేతికొచ్చిన పరిమాణం, వాళ్లు వేసిన బిల్లు. నువ్వు ఈ మూడూ చూస్తున్నావు. కాగితం పేరు వేరు, చెక్ అదే. కాబట్టి త్రీ-వే మ్యాచింగ్ అన్న పేరు నిస్సంకోచంగా వాడు. కానీ “పర్చేజ్ ఆర్డర్, జీఆర్ఎన్, ఇన్‌వాయిస్” అన్న వరసను వాళ్ల నుంచి దించకు, ఎందుకంటే నీ దగ్గర రెండు కాగితాలకు ఆ పేర్లు లేవు. నీ కాగితాల పేర్లు చెప్పు: ఆర్డర్ షీటు, గోడౌన్ సంతకం ఉన్న కాపీ, బిల్లు. ఫ్యాక్టరీలో పనిచేసినవాడికి వెంటనే బోధపడుతుంది. ఇంటర్వ్యూలో “జీఆర్ఎన్ ఫార్మాట్ చూపించు” అంటే నువ్వు చిక్కుకోవు.

2బీ దగ్గర నీకు ఒక బహుమతి దొరికింది, చూశావో లేదో. నెలనెలా రిటర్న్ వేసే సప్లయర్‌కు జీఎస్టీఆర్-1 గడువు 11. దాటాక వేస్తే ఆ బిల్లు ఈ నెల 2బీలో పడదు, తర్వాతి నెలకు జరుగుతుంది. 14న నీ చేతికి 2బీ వస్తుంది, 20కి 3బీ. ఈ 14కీ 20కీ మధ్య ఏం చేస్తావో ఒక్క వాక్యంలో రాస్తే ఐదో లైన్‌లోని “గడువుల ఒత్తిడి”, “కమ్యూనికేషన్” రెండూ అందులోనే తీరిపోతాయి. ఆ రెండు మాటలూ లెటర్‌లో అసలు రానక్కర్లేదు. స్వయం ప్రేరణ సంగతి వదిలెయ్. దానికి సాక్ష్యం ఎవరూ అడగరు, నువ్వూ చూపించలేవు.

ఉషశ్రీ_కె

మామయ్య గారితో ఇక్కడ ఒక చిన్న తేడా. ఆ ఐదో లైన్ హెచ్ఆర్ వాళ్లు రాసేది. లెటర్ మొదట చూసేది కూడా వాళ్లే. 14, 20 తేదీల అర్థం అకౌంట్స్ మేనేజర్‌కు తెలుస్తుంది, హెచ్ఆర్‌లో కొత్తగా చేరిన అమ్మాయికి తెలియకపోవచ్చు. అందుకని తేదీలతో పాటు “గడువు” అన్న ఒక్క మాట ఆ వాక్యంలో ఉంచండి. ఒకే వాక్యం ఇద్దరికీ పనికొస్తుంది.

ఇంకో జాగ్రత్త. సప్లయర్ల పేర్లు, ఎంత క్రెడిట్ ఆగింది, ఎవరు ఎంత డిస్కౌంట్ ఇస్తారు లాంటివి లెటర్‌లోకి రానివ్వకండి. ఇప్పుడున్న యజమాని లెక్కలు బయటపెట్టే మనిషి రేపు మనవీ పెడుతుందనుకుంటారు. బిల్లుల సంఖ్య, సప్లయర్ల సంఖ్య చాలు.

లెడ్జర్_మామయ్య

“గడువు” మాట ఉంచడం బాగుంది, ఒప్పుకుంటున్నా.

లీడ్స్_అనూష

ఆలస్యంగా వచ్చాను. నేను ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్ఎస్ ఆసుపత్రిలో ఫైనాన్స్‌లో పనిచేస్తాను. ఇక్కడ పద్ధతి కొంచెం వేరు, ఎవరికైనా పనికొస్తుందేమోనని చెబుతున్నా.

ఎన్‌హెచ్ఎస్ ఉద్యోగాలకు ప్రకటనతో పాటు పర్సన్ స్పెసిఫికేషన్ అని ఒక పట్టిక ఇస్తారు. అందులో తప్పనిసరివి, ఉంటే మంచివి అని విడివిడిగా ఉంటాయి. షార్ట్‌లిస్ట్ చేసేవాళ్లు ఆ పట్టిక పక్కన పెట్టుకుని ఒక్కో అంశానికి మార్కులు వేస్తారు. అంశం ఎక్కడుందో వాళ్లు వెతుక్కునేలా రాస్తే మార్కు పోతుంది. అందుకే ఇక్కడ వాళ్ల క్రమం, వాళ్ల శీర్షికలే పెట్టుకుని, ఒక్కో దాని కింద మన ఉదాహరణ రాయడం మంచిది. మామయ్య గారు వద్దన్న వరసే మాకు కావాలి. వాక్యాలు మాత్రం ఇక్కడ కూడా సొంతవే. “నాకు మంచి సమన్వయ నైపుణ్యం ఉంది” అని ఊరికే తిప్పి రాస్తే ఆ అంశానికి దాదాపు ఏమీ రాదు.

లెడ్జర్_మామయ్య

మంచి విషయం చెప్పావమ్మా. పట్టిక ఇచ్చి మార్కులు వేసేచోట క్రమం వాళ్లదే ఉండాలి. స్వాతి విషయంలో అలాంటి పట్టిక లేదు, మెయిల్ తెరిచి ఒక నిమిషం చూస్తారు.

హైటెక్_కిరణ్

సరే, నా రూమ్మేట్ ట్రిక్ వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఒక ప్రశ్న. కాపీ అయిందో లేదో రాసినవాళ్లకు ఎలా తెలుస్తుంది? రాసేటప్పుడు మన వాక్యం మనకు బాగానే కనిపిస్తుంది కదా.

లెడ్జర్_మామయ్య

రెండూ పక్కపక్కన ప్రింటు తీసి, రెండింటిలో ఒకే వరసలో వచ్చిన మాటల కింద గీత గియ్యి. గీత కింద పని పేరో, సాఫ్ట్‌వేర్ పేరో ఒక్కటే ఉంటే ఫరవాలేదు. గీత ఆ పేరు దాటి నాలుగైదు మాటలు సాగిందంటే అక్కడ దించావు. స్వాతి మొదటి పేరాలో అయితే గీత ఆగదు. “తేడాలపై సప్లయర్లతో ఫాలోఅప్” మొత్తం వాళ్లదే.

ఇంకో చెక్ కూడా ఉంది, ఇది రెండో వెర్షన్ లాంటివాటికి. ఒక్కో వాక్యం తీసుకుని “ఎన్ని? ఎప్పుడు? తేడా వస్తే?” అని అడుగు. ఏ ఒక్కదానికీ జవాబు లేకపోతే మాటలు ఎంత కొత్తవైనా అందులో నీ పని లేదు.

గుంటూరు_స్వాతి

ఇదిగో మూడోది. రేపు ఇంగ్లీషులోకి మారుస్తాను.

“మీ పేయబుల్స్ విభాగంలో అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ పోస్టుకు దరఖాస్తు చేస్తున్నాను. గుంటూరులో ఒక మందుల డిస్ట్రిబ్యూటర్ దగ్గర నాలుగేళ్లుగా కొనుగోలు వైపు అకౌంట్స్ చూస్తున్నాను. సుమారు 60 మంది సప్లయర్ల నుంచి నెలకు 350 దాకా బిల్లులు నా దగ్గరికి వస్తాయి.

టాలీ ప్రైమ్‌లో ఎక్కించే ముందు ప్రతి బిల్లుకూ త్రీ-వే మ్యాచింగ్ చేస్తాను. రేటు, స్కీము మా ఆర్డర్ షీటుతోనూ, బ్యాచ్, పరిమాణం గోడౌన్‌లో సంతకం చేసిన కాపీతోనూ సరిచూస్తాను. తేడా ఉంటే డెబిట్ నోట్ వేసి, అది తేలేవరకు అంత మొత్తం చెల్లించకుండా ఆపుతాను.

14న జీఎస్టీఆర్-2బీ రాగానే ఎక్సెల్‌లో పర్చేజ్ రిజిస్టర్‌తో రికన్సిలియేషన్ మొదలుపెడతాను. కనిపించని బిల్లుల సప్లయర్లకు ఆ రోజే ఫోన్ చేసి, రిటర్న్ వేయలేదా, మా జీఎస్టీ నంబరు తప్పు పడిందా అని కనుక్కుంటాను. 3బీ గడువు 20 కాబట్టి, అంతకు ముందే ఈ నెల క్రెడిట్ తీసుకోదగిన బిల్లులు, ఆపాల్సిన బిల్లులు వేరుచేసి ఆడిటర్‌కు ఇస్తాను.

నెలాఖరు క్లోజింగ్‌కు సప్లయర్ బాకీల జాబితా, సరుకు వచ్చి బిల్లు రానివాటి జాబితా తయారుచేస్తాను. ఎస్ఏపీలో ఇంతవరకు పని చేయలేదు. నోటీసు వ్యవధి 30 రోజులు.”

ఉషశ్రీ_కె

చాలా బాగుంది. ఒక్క వాక్యం తీసేయండి: “ఎస్ఏపీలో ఇంతవరకు పని చేయలేదు.” వాళ్లు ప్రాధాన్యం అన్నారు, తప్పనిసరి అనలేదు. లేనిదాన్ని మనమే చూపించడం ఎందుకు? రెజ్యూమేలో ఎలాగూ ఉండదు, కావాలంటే అడుగుతారు.

లెడ్జర్_మామయ్య

నేనైతే ఉంచమంటాను. ప్రకటనలో ఉన్న మాట లెటర్‌లో ఎక్కడా లేకపోతే, చదవలేదా, దాచిందా అని నాకు అనుమానం వస్తుంది. కానీ ఇలా మొండిగా వద్దు. పని చేయలేదని చెప్పి, దగ్గరగా చేసింది ఒకటి చేర్చు. మీ దగ్గర పాత సాఫ్ట్‌వేర్ నుంచి టాలీ ప్రైమ్‌కు మారి ఉంటే, అప్పుడు నువ్వేమైనా చేశావా?

గుంటూరు_స్వాతి

చేశానండీ. ఓపెనింగ్ బ్యాలెన్సులు, సప్లయర్ మాస్టర్లు నేనే ఎక్కించి సరిచూశాను.

లెడ్జర్_మామయ్య

మరి అది రాయి. “ఎస్ఏపీ వాడలేదు, కానీ మా దగ్గర పాత సాఫ్ట్‌వేర్ నుంచి టాలీ ప్రైమ్‌కు మారినప్పుడు సప్లయర్ మాస్టర్లు, ఓపెనింగ్ బ్యాలెన్సులు నేనే ఎక్కించి సరిచూశాను.” కొత్త సిస్టమ్ అంటే భయపడదని తెలుస్తుంది.

ఉషశ్రీ_కె

రెండో సగం బాగుంది, మొదటి సగం నాకు ఇప్పటికీ వద్దనే ఉంది. మాకు వచ్చే హెచ్ఆర్ వాళ్లలో “వాడలేదు” అన్న మాట కనిపిస్తే అక్కడే ఆగిపోయేవాళ్లు ఉన్నారు.

లెడ్జర్_మామయ్య

నా దగ్గర మాత్రం అది చూసి పిలిచినవాళ్లూ ఉన్నారు. చదివేది ఎవరన్నదాన్ని బట్టి ఉంటుంది. స్వాతి ఇష్టం.

గుంటూరు_స్వాతి

మెయిల్ పంపమన్నది అకౌంట్స్ హెడ్ ఐడీకి, అందుకని మామయ్య గారి వాక్యం ఉంచుతున్నాను. ఉష గారూ, ఇదే లెటర్ జాబ్ పోర్టల్‌లో పెట్టేటప్పుడు మీ మాట వింటాను.

చివరిగా ఒకటి. లెటర్ వర్డ్ ఫైల్‌గా అటాచ్ చేయాలా, మెయిల్‌లోనే రాయాలా?

ఉషశ్రీ_కె

ప్రకటనలో అటాచ్ చేయమని ఉంటే పీడీఎఫ్ పెట్టండి. ఏమీ చెప్పకపోతే మెయిల్‌లోనే రాయండి, రెజ్యూమే ఒక్కటి అటాచ్ చేయండి. అటాచ్ చేసిన లెటర్ తెరవని రోజులే ఎక్కువ.

నర్సిరెడ్డి_ఎల్బీనగర్

మేడమ్, మా వాడు గీ లెటర్ చూసి ఇట్లనే రాస్తా అంటుండు. 350 బిల్లులు, 60 మంది సప్లయర్లు అని.

ఉషశ్రీ_కె

రెడ్డి గారూ, వద్దని చెప్పండి! ప్రకటన కాపీ బదులు స్వాతి గారి కాపీ అవుతుంది. కోర్సులో ఎన్ని వోచర్లు ఎంట్రీ చేశాడో, ఏ తప్పు పట్టుకున్నాడో అది రాయమనండి.

లెడ్జర్_మామయ్య

స్వాతీ, సబ్జెక్ట్ లైన్ సంగతి మరిచిపోయాను. అక్కడ మాత్రం పోస్టు పేరు, ప్రకటనలో రిఫరెన్స్ నంబరు ఉంటే అది, అక్షరం మార్చకుండా దించు. “కొనుగోలు అకౌంట్స్ నిపుణురాలు” లాంటి సొంత పేర్లు పెట్టకు. వాళ్లు ఒకేసారి నాలుగు పోస్టులకు మెయిళ్లు తీసుకుంటుంటే ఆ పేరుతోనే వేరుచేస్తారు.